ఒత్తుకు చోటివ్వని బోర్డు
తెలుగు, ఇంగ్లీషు రెండూ దూరం నుంచి కనిపించాలంటే టేపు ఎక్కడ పెట్టి కొలవాలి?

గుంటూరు జిల్లాలోని ఒక మండల కేంద్రంలో జరిగిన సంగతి ఇది. జూన్ నెల, మిట్టమధ్యాహ్నం. పత్తి విత్తనాల కోసం పక్క ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన బస్సులో కిటికీ పక్కనే కూర్చుని తనకు అలవాటైన ఎరువుల కొట్టు కోసం చూస్తూనే ఉన్నాడు. కొట్టు పాతబజారు నుంచి మెయిన్ రోడ్డు మీదికి మారిందని ఆయనకు తెలుసు. పెద్ద బోర్డు పెట్టామని కొట్టు షావుకారే ఫోనులో చెప్పాడు. బస్సు ఆ బోర్డు ముందు నుంచే వెళ్లింది. పెద్దాయన దాన్ని చూశాడు కూడా. కాని అది తన కొట్టని పోల్చుకోలేకపోయాడు. తరువాతి స్టేజీలో దిగి, ఎండలో కిలోమీటరు దూరం వెనక్కి నడిచి వచ్చి, ‘బోర్డు పెట్టించావా, దాచిపెట్టావా?’ అని షావుకారును నిలదీశాడు.

ఆ వారంలో అలా అడిగిన రైతు ఆయన ఒక్కడే కాడు. కొందరు అడగడానికి కూడా రాలేదు. దారిలో కనబడిన మరో కొట్టులో కొనుక్కుని వెళ్లిపోయారు. అప్పులకు, నమ్మకాలకు ముడిపడిన వ్యాపారం ఇది. అదను దాటితే మళ్లీ ఆ రైతు వచ్చేది మరుసటి ఏటికే. పాతికేళ్ల ఖాతాలు చేజారిపోతాయేమోనని షావుకారుకు బెంగ పట్టుకుంది.

బోర్డు చిన్నదేమీ కాదు. 12 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు. కొత్త ఫ్లెక్సు. పైన తెలుగు, కింద ఇంగ్లీషు. రెండు భాషలకూ సమానంగా చెరొక అడుగు ఎత్తు కేటాయించారు. టేపు పెట్టి కొలిస్తే వెంట్రుకవాసి తేడా లేదు. అయినా ఇంగ్లీషు కళ్లలో పొడిచినట్టు కనిపిస్తున్నది, తెలుగు మాత్రం ఎర్రని ముద్దలా ఉన్నది. ‘ఇద్దరికీ సమానంగానే పంచాను కదండీ’ అని ఫ్లెక్సు కొట్టు కుర్రాడు వాదించాడు. ఆ కుర్రాడిలో మోసం లేదు. సమానంగా పంచడంలోనే తప్పు దొర్లింది.

తప్పు ఎక్కడుందో చెప్పినవాడు ఊళ్లోని పాత పెయింటరు. ఫ్లెక్సులు రాకముందు ఆ చుట్టుపక్కల సినిమా హాలు గోడల నుంచి సహకార సంఘం గోదాముల దాకా ఆయన రాసినవే. ఇప్పుడు ట్రాక్టరు ట్రక్కుల మీద పేర్లు, బళ్ల నంబర్లు రాసుకుంటున్నాడు. షావుకారు కబురు చేస్తే వచ్చి, రోడ్డుకు అవతల పక్క నిలబడి ఒకసారి, వంద గజాలు నడిచి వెళ్లి ఇంకొకసారి బోర్డును చూశాడు. ‘షావుకారు గారూ, మీ బోర్డులో తెలుగు అడుగు లేదండీ, అరడుగే ఉంది’ అన్నాడు.

తల, ఒళ్లు, కాళ్లు

ఆయన లెక్క వింటే చాలా తేలిక. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు రెండు గీతల మధ్య ఒదిగి నిలబడతాయి. పై గీతను తాకుతూ తల, కింది గీతను తాకుతూ పాదం. పైకి పొడుచుకు వచ్చేది గాని, కిందికి వేలాడేది గాని లేదు. కనుక వాటికి అడుగు చోటిస్తే ఆ అడుగు మొత్తాన్నీ అక్షరమే వాడుకుంటుంది.

తెలుగు అక్షరం సంగతి వేరు. దానికి తల, ఒళ్లు, కాళ్లు అని మూడు భాగాలున్నాయి. తలకట్టు, గుడి, ఎత్వం, పొల్లు పైన కూర్చుంటాయి. ఒత్తులు, క్రారవడి, ఐత్వం తోక కిందికి దిగుతాయి. మధ్యలో మిగిలినదే అక్షరం ఒళ్లు. అడుగు ఎత్తు పట్టీలో పై గుర్తులనూ కింది ఒత్తులనూ ఇమిడ్చితే ఒంటికి మిగిలేది సుమారు అరడుగు. చదివేవాడి కన్ను ముందుగా పట్టుకునేది ఈ ఒంటినే. అంటే ఆ బోర్డులో 12 అంగుళాల ఇంగ్లీషు పక్కన 6 అంగుళాల తెలుగు నిలబడి ఉన్నదన్నమాట.

షావుకారు అసలు పేరు ఇక్కడ రాయడం లేదు. అవే చిక్కులున్న మరో పేరు ‘శ్రీ లక్ష్మీ ఫెర్టిలైజర్స్’ అనుకుందాం. ఇలాంటి పేర్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాయి. ఇందులో ఉన్నవి 8 అక్షరాలు. వాటిలో ఐదింటికి కింద ఏదో ఒకటి వేలాడుతున్నది. శ్రీకి క్రారవడి, క్ష్మీకి ష ఒత్తు, మ ఒత్తు రెండూ, ర్టికి ట ఒత్తు, లైకి ఐత్వం తోక, చివరి ర్స్‌కు స ఒత్తు. ఒత్తు లేని పేరైతే ఇంత ఇబ్బంది ఉండదు. ‘ఎరువుల దుకాణం’ అని రాసి చూడండి, ఒక్క ఒత్తూ లేదు. అదే చోటులో ఒళ్లు బాగా పెరుగుతుంది. పెయింటరు ఆ మాటే సలహాగా చెప్పాడు కూడా. కాని లైసెన్సులోనూ బిల్లు పుస్తకంలోనూ ఫెర్టిలైజర్స్ అనే ఉన్నది కాబట్టి షావుకారు ఒప్పుకోలేదు. ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో రాసిన ప్రతిచోటా ఒత్తులూ పొల్లులూ ఎక్కువవుతాయన్న సంగతి మాత్రం బోర్డు పెట్టించే వారు గుర్తుంచుకోదగ్గది.

సాగదీసిన తెలుగు, నలిపిన ఇంగ్లీషు

ఎత్తు తప్పడంతో పొడవూ తప్పింది. అచ్చయిన బోర్డును కింద దింపి కొలిస్తే ఇది స్పష్టంగా కనిపించింది.

తెలుగు ఒళ్లు 6 అంగుళాలు అయినప్పుడు ఒక్కో అక్షరానికి సగటున 8 అంగుళాల వెడల్పు సహజంగా సరిపోతుంది. 8 అక్షరాలు, మాటల మధ్య రెండు ఖాళీలు కలిపి 72 అంగుళాలు, అంటే 6 అడుగులు. బోర్డు పొడవు 12 అడుగులు. సగం ఖాళీగా ఉంటే బాగుండదని కుర్రాడు ఆ వరుసను మౌసుతో పట్టుకుని పక్కకు లాగాడు. 72 అంగుళాలది 130 అంగుళాలయింది. గుండ్రని తెలుగు అక్షరాలు కోడిగుడ్లను పడుకోబెట్టినట్టు తయారయ్యాయి. అలా లాగినప్పుడు నిలువు గీతలు లావెక్కుతాయి, అడ్డగీతలు మాత్రం ఉన్నంతే ఉంటాయి. ఒత్తులు కూడా పక్కకు సాగి పక్క అక్షరం కిందికి జొరబడ్డాయి. ట ఒత్తు ర కిందిదో, లై కిందిదో తెలియకుండా పోయింది.

ఇంగ్లీషుకు సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. ఆ పేరులో 21 ఇంగ్లీషు అక్షరాలున్నాయి. 12 అంగుళాల ఎత్తుతో సహజమైన వెడల్పున రాస్తే 226 అంగుళాలు కావాలి. బోర్డు మొత్తం పొడవే 144 అంగుళాలు. అందుకని దాన్ని ఇరువైపుల నుంచీ నలిపి 130కి తెచ్చారు. కరువులో పశువుల్లా డొక్కలు ఎండిన ఆ అక్షరాలు ఎత్తుగా కనిపిస్తాయే గాని, దూరం నుంచి చూస్తే ఐకీ ఎల్‌కీ తేడా దొరకదు. కాబట్టి పాపం ఇంగ్లీషు కూడా లాభపడిందేమీ లేదు.

ఇలా లాగిన బోర్డును గుర్తుపట్టడానికి ఒక చిన్న ఉపాయం ఉన్నది. తెలుగు వరుసలో సున్నను చూడండి. ఆ పేరులో సున్న లేకపోతే ఫోను నంబరులోని సున్నను గాక, అదే వరుసలోని ల అక్షరం గుండ్రదనాన్ని చూడండి. అది దోసకాయలా ఉంటే ఎవరో మౌసు పట్టుకుని లాగారన్నమాటే.

కళ్లు మూసుకున్న అక్షరాలు

మూడో తప్పు గీత మందంలో ఉన్నది. రెండు భాషలకూ ఒకే మందం ఉంటే సమానంగా కనిపిస్తాయని సాధారణంగా అనుకుంటారు. ఇంగ్లీషు అక్షరానికి ఎత్తులో ఐదో వంతు మందం ఉన్నా లోపలి ఖాళీ మిగులుతుంది. హెచ్, ఎల్, టి వంటి అక్షరాల్లో మూసుకుపోవడానికి కన్నమే లేదు. తెలుగులో అలా కుదరదు. ఖ, జ, ణ, ఱ, క్ష అక్షరాల్లో గీత చుట్టుకుని చిన్న చిన్న కన్నాలు ఏర్పడతాయి. గీత లావైతే ముందుగా మూసుకుపోయేవి ఆ కన్నాలే. అవి మూసుకుంటే మిగిలేది రంగు ముద్ద.

దానికి తోడు తెలుగులో ఒక అక్షరానికీ మరో అక్షరానికీ తేడా తరచు ఒక చిన్న గీతలో ఉంటుంది. పకు అడుగున చిన్న గీత చేరిస్తే ఫ. దకు గీత చేరిస్తే ధ, కడుపులో చుక్క పెడితే థ. వకు తోక చేరిస్తే మ. ఇంగ్లీషులో ఓకూ హెచ్‌కూ పోలికే ఉండదు, మొత్తం ఆకారమే వేరు. మన అక్షరాలు ఒకే ఇంటి బిడ్డల్లా ఉంటాయి, పుట్టుమచ్చను బట్టి పోల్చుకోవాలి. ఆ పుట్టుమచ్చ దూరానికి కనిపించకపోతే ఫెర్టిలైజర్స్ కాస్తా పెర్టిలైజర్స్ అవుతుంది. అందుకే ఇంగ్లీషు కన్నా తెలుగు ఒళ్లు కొంచెం పెద్దదిగానే ఉండాలి, మందం మాత్రం ఒంటితో పోల్చితే కొంచెం తక్కువగా ఉండాలి అంటాడు పెయింటరు.

ఆయన పాటించే లెక్క ఇది. తెలుగు ఒంటి ఎత్తులో ఏడో వంతు మందం, ఇంగ్లీషు ఎత్తులో ఆరో వంతు మందం. ఏ కన్నమూ గీత మందం కన్నా ఇరుకు కారాదు. ఒత్తుల గీత అసలు అక్షరం గీత కన్నా కొద్దిగానే సన్నగా ఉండాలి. కొన్ని కంప్యూటరు అక్షరాల్లో ఒత్తును అక్షరంతో పాటు కుదించి వేస్తారు కాబట్టి దాని గీత వెంట్రుకలా సన్నబడిపోతుంది. పుస్తకంలో అది చెల్లుతుంది, బోర్డు మీద చెల్లదు.

అంచుగీత కూడా ఈ తప్పులో భాగస్వామే. ఎర్ర అక్షరానికి పసుపు అంచు వేయడం మన వైపు ఆనవాయితీ. కంప్యూటరులో ఆ అంచు మామూలుగా గీతకు సగం బయటికీ సగం లోపలికీ పడుతుంది. లోపలికి పడిన సగం ఎర్రరంగును తినేస్తుంది, కన్నాల వైపు పడిన సగం వాటిని పూడ్చేస్తుంది. ఆ ఎరువుల కొట్టు బోర్డులో అంచు అరంగుళం ఉన్నది. 6 అంగుళాల ఒంటికి అరంగుళం అంచు! దాని పైన మళ్లీ నల్లని నీడ. అంచు తప్పదనుకుంటే అక్షరానికి వెనకగా, బయటికి మాత్రమే, పావంగుళం మించకుండా వేయించుకోవాలి. నీడ మాత్రం ఒత్తులున్న పేరుకు వద్దే వద్దని ఆయన ఖండితంగా చెప్పాడు.

ముప్పయ్యారు అంగుళాల పంపకం

ఫ్రేము అదే ఉంచి, ఫ్లెక్సు మాత్రం మళ్లీ వేయించాలని నిర్ణయించారు. పెయింటరు కంప్యూటరు ముట్టుకోలేదు. కొట్టు వెనక సిమెంటు నేల మీద సుద్దదారం కొట్టి 12 అడుగుల గడి గీశాడు. ఫ్లెక్సు కుర్రాడు పక్కన కూర్చుని కొలతలు రాసుకున్నాడు. ‘బాబాయ్, ముందు ఇంగ్లీషు గీత ఎక్కడ కొట్టను?’ అని కుర్రాడు అడిగితే, ‘ముందు ఒత్తు ఎక్కడిదాకా దిగుతుందో చూడరా అబ్బాయ్, ఇంగ్లీషు దానంతట అదే సర్దుకుంటుంది’ అన్నాడాయన.

36 అంగుళాల ఎత్తులో పైనా కిందా రెండున్నర అంగుళాల చొప్పున అంచు విడిచారు. మిగిలింది 31. అందులో తెలుగుకు 18. ఆ పద్దెనిమిదిలో పై గుర్తులకు 3, ఒంటికి 9, ఒత్తులకు 6. ఒత్తు చివరి నుంచి 2 అంగుళాల ఖాళీ. తరువాత ఇంగ్లీషుకు 6. మళ్లీ 2 ఖాళీ. అడుగున ఫోను నంబరు వరుసకు 3. వెరసి 31.

ఇక్కడ గమనించవలసింది ఆ 2 అంగుళాల ఖాళీని ఎక్కడి నుంచి కొలిచారన్నది. పాత బోర్డులో తెలుగు ఒంటి కింది గీత నుంచి కొలవడం వల్ల ఒత్తులు వెళ్లి ఇంగ్లీషు అక్షరాల నెత్తి మీద కూర్చున్నాయి. ఖాళీ ఎప్పుడూ ఒత్తు చివరి నుంచే కొలవాలి. ఒత్తు లేని చోట కింద జాగా వృథాగా కనిపిస్తుందని కొందరు ఆ సందుల్లోకి ఇంగ్లీషును పైకి జరుపుతారు. అలా చేస్తే రెండు వరుసలూ చెడతాయి. ఆ ఖాళీని ఖాళీగానే వదలాలి.

క్ష్మీ దగ్గర మాత్రం కొంచెం పేచీ వచ్చింది. కంప్యూటరు అక్షరంలో మ ఒత్తు బాగా కిందికి దిగి 6 అంగుళాల హద్దు దాటింది. దానికోసం పేరంతా చిన్నది చేయబోయాడు కుర్రాడు. పెయింటరు ఒప్పుకోలేదు. ఒక్క మ ఒత్తును మాత్రం కొద్దిగా పైకెత్తి కుడిపక్కకు జరపమన్నాడు. చేత్తో రాసే రోజుల్లో తాము చేసింది అదేనట. ఒక్క ఒత్తు కోసం ఎనిమిది అక్షరాలను శిక్షించడం దేనికని ఆయన ప్రశ్న.

ఇక పొడవు సంగతి. ఒళ్లు 9 అంగుళాలైతే అక్షరానికి 12 అంగుళాల చొప్పున 96, రెండు ఖాళీలకు 12, మొత్తం 108 అంగుళాలు. ఇంగ్లీషు 6 అంగుళాల ఎత్తులో 21 అక్షరాలకు ఐదేసి అంగుళాల చొప్పున 105, రెండు ఖాళీలకు 8, మొత్తం 113. ఎవరూ లాగలేదు, ఎవరూ నలపలేదు, రెండు వరుసలూ ఇంచుమించు ఒకే పొడవుకు వచ్చి నిలిచాయి. తెలుగులో తక్కువ అక్షరాలు, ఒక్కోటి వెడల్పు. ఇంగ్లీషులో ఎక్కువ అక్షరాలు, ఒక్కోటి సన్నం. తెలుగు ఒళ్లు ఇంగ్లీషు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉంటే ఇలాంటి పేర్లు చాలా వరకు ఇలాగే సర్దుకుంటాయి. పేరు మారితే లెక్క కొంచెం మారుతుంది, కాబట్టి ప్రతి పేరుకూ అక్షరాలు లెక్కపెట్టి చూసుకోవలసిందే. మందం తెలుగుకు ఒకటింపావు అంగుళం, ఇంగ్లీషుకు ఒక అంగుళం పెట్టారు.

ఈ పంపకం చట్టానికీ సరిపోతుంది. దుకాణాలు, సంస్థల చట్టం 1988లో వచ్చింది. దాని కింద 1990లో చేసిన నియమాల ప్రకారం దుకాణం పేరు బోర్డు తెలుగులో ఉండాలి. వేరే భాష కూడా రాసుకుంటే అది తెలుగుకు కిందనే ఉండాలి. తెలుగుకు ఎక్కువ చోటివ్వాలి. మొదటి బోర్డు తెలుగును పైన ఉంచింది గాని చోటు సమానంగానే ఇచ్చింది. నియమం చోటు గురించి చెబుతుంది. కంటికి కావలసింది ఒళ్లు. చోటు కొంచెం ఎక్కువిచ్చి ఒళ్లు చిన్నదిగా ఉంచినా నియమం పాటించినట్టే కనిపిస్తుంది, చదివేవాడికి మాత్రం ప్రయోజనం ఉండదు.

బస్సులోంచి ఆరు సెకన్లు

అక్షరం ఎంత ఎత్తుంటే ఎంత దూరం కనిపిస్తుందన్నదానికి బోర్డుల పనిలో ఒక వాడుక లెక్క ఉన్నది. హాయిగా, చూడగానే చదవాలంటే అంగుళానికి 10 అడుగుల దూరం. కళ్లు పెట్టి చూస్తే అంగుళానికి 25 అడుగుల వరకు చదవగలరు. ఇది మంచి చూపు, మంచి వెలుతురు ఉన్నప్పటి మాట. తెలుగుకు ఈ లెక్క కట్టేటప్పుడు అంగుళాలను ఒంటికే చూడాలి, పట్టీకి చూడరాదు.

కొత్త బోర్డులో ఒళ్లు 9 అంగుళాలు. అంటే 225 అడుగుల దూరం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు సెకనుకు సుమారు 36 అడుగులు పోతుంది. కిటికీ పక్క కూర్చున్న పెద్దాయనకు బోర్డు చదవడానికి 6 సెకన్లు దొరుకుతాయి. పాత బోర్డులో ఒళ్లు 6 అంగుళాలు, దూరం 150 అడుగులు, సమయం 4 సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో ముద్దగా కలిసిపోయిన అక్షరాలను విడదీసుకోవాలి. కొత్త బోర్డులో ఇంగ్లీషు 6 అంగుళాలే కాబట్టి దానికీ 150 అడుగులే. అది సరిపోతుందని షావుకారే లెక్క వేశాడు. ఇంగ్లీషు చదివి వచ్చేవారు లారీ డ్రైవర్లు, కంపెనీల ప్రతినిధులు. వారు అడ్రసు పట్టుకుని, బండి నెమ్మదిగా నడుపుతూ వెతుక్కుంటూ వస్తారు.

అన్నిటికన్నా పెద్ద పేచీ కొలతల దగ్గర రాలేదు. ఖాళీ దగ్గర వచ్చింది. పాత బోర్డుకు ఎడమ పక్కన దేవుడి బొమ్మ, కుడి పక్కన పంటల ఫొటో, కింద ‘విత్తనములు, పురుగు మందులు, ఎరువులు సరసమైన ధరలకు లభించును’ అనే వాక్యం, మూడు ఫోను నంబర్లు ఉండేవి. అవన్నీ మళ్లీ పెట్టాలని షావుకారు పట్టుపట్టాడు. డబ్బు ఇస్తున్నప్పుడు ఖాళీ ఎందుకు వదలాలన్నది ఆయన వాదన. పెయింటరు వాదించకుండా నేల మీద సుద్దతో దేవుడి బొమ్మకు 30 అంగుళాలు గీసి, మిగిలిన చోటులో పేరును అమర్చి చూపించాడు. రెండు వైపుల అంచులు పోగా మిగిలినదాంట్లో 108 అంగుళాల పేరు పట్టలేదు. ఒంటిని 7 అంగుళాలకు దించితే తప్ప కుదరలేదు. ‘బొమ్మ కావాలా, పెద్దాయన దిగాల్సిన చోట దిగడం కావాలా మీరే చెప్పండి’ అన్నాడు. దేవుడి బొమ్మ కౌంటరు పైకి వెళ్లింది. సరుకుల జాబితా గుమ్మం పక్క గోడ మీద చిన్న బోర్డుగా మారింది. అది నిలబడి చదివేవాళ్ల కోసమే కాబట్టి అక్కడ చిన్న అక్షరాలు చాలు. ఫోను నంబరు ఒక్కటే మిగిలింది.

రంగు గురించి పెద్దగా చర్చ జరగలేదు. తెల్లని నేల మీద తెలుగు ముదురు నీలం, ఇంగ్లీషు నలుపు. ఆకుపచ్చ మీద ఎరుపు వద్దన్నాడు పెయింటరు. దగ్గరగా చూస్తే వేరువేరుగా కనిపించినా, మసక వెలుతురులో ఆ రెండూ ఒకే నలుపుగా మారిపోతాయి. వెనకనుంచి లైటు పెట్టే బోర్డయితే ఇంకొక జాగ్రత్త కావాలి. వెలిగే తెల్ల నేల సన్నని గీతలను తినేస్తుంది, ఒత్తులు ముందుగా మాయమవుతాయి. షావుకారు లైటును ముందువైపు పైనుంచి పెట్టించాడు.

అచ్చుకు పంపే ముందు చేసిన పరీక్ష ఎవరైనా ఇంట్లో చేసుకోదగ్గది. బోర్డును అడుగుకు అంగుళం లెక్కన, అంటే 12 అంగుళాల పొడవున, పెద్ద కాగితం మీద అచ్చు తీశారు. దాన్ని గోడకు అంటించి 19 అడుగుల దూరాన నిలబడితే, అసలు బోర్డును 225 అడుగుల నుంచి చూసినట్టే. ఆ పేరు ముందుగా తెలిసినవాడు చదివితే పరీక్ష చెల్లదు. తెలిసిన పేరును కన్ను కాదు, మనసు చదువుతుంది. అందుకని ఎరువుల బస్తాలు దింపడానికి వచ్చిన వేరే ఊరి హమాలీని పిలిచి చదివించారు. తెలుగు గడగడా చదివాడు. ఇంగ్లీషు రాదన్నాడు. దానికి షావుకారు కూతురి స్నేహితురాలు దొరికింది, 12 అడుగుల దగ్గర చదివింది. ఈ పరీక్షలోనే మరో తప్పు బయటపడింది. ఫైలును వేరే కంప్యూటరులో తెరిచేసరికి అక్కడ ఆ తెలుగు ఫాంటు లేక ఒత్తులు విడిపోయి, లక్ష్మీ కాస్తా మూడు ముక్కలుగా, మధ్యలో పొల్లులతో వచ్చింది. అక్షరాలను గీతలుగా మార్చి పంపితే ఈ బాధ ఉండదు. అలా మార్చిన తరువాత కూడా ఒకసారి కాగితం మీద చదువుకోవాలి, ఎందుకంటే ఆ తరువాత అక్షరదోషం దొరికినా దిద్దడం కష్టం.

కొత్త బోర్డు పైకెక్కిన సాయంత్రం పెయింటరు మళ్లీ రోడ్డు అవతలికి వెళ్లి చూశాడు. పక్కింటి వేపకొమ్మ ఒకటి గాలికి ఊగుతూ క్ష్మీ మీదికి వస్తున్నది. నిచ్చెన తెప్పించి ఆ రెమ్మను కొట్టించాడు. దింపిన పాత ఫ్లెక్సును షావుకారు పారేయలేదు. వాన పడితే గోదాము బయట బస్తాల మీద కప్పడానికి మడిచి అటక మీద పెట్టించాడు.